బాకీ అమ్మితే లెక్క తీరినట్టేనా?

వలసపాలన రోజుల్లో ఇంగ్లండు బట్ట అమెరికాకు ఓడల్లో వెళ్లేది. అక్కడ దాన్ని కమిషన్ మీద అమ్మిపెట్టేవాడే ఫ్యాక్టర్. ఇంకొంచెం కమిషన్ ఇస్తే, కొన్నవాడు ఎగ్గొట్టినా సొమ్ము తానే కడతానని హామీ ఇచ్చేవాడు. ఈ పద్ధతి పేరు డెల్ క్రెడెరె. 19వ శతాబ్దం చివరికి అమెరికా మిల్లులు సరుకును సొంతంగా అమ్ముకోవడం మొదలుపెట్టాయి. ఫ్యాక్టర్ సరుకు అమ్మడం మానేసి, బాకీలు కొనడమే పనిగా పెట్టుకున్నాడు.

నష్టం ఫ్యాక్టరుదే అయినంతకాలం చిక్కులేదు. కొనుగోలుదారు కట్టకపోతే బాకీ అమ్మినవాడు డబ్బు వెనక్కివ్వాలనే షరతు, అంటే రికోర్స్, వచ్చి చేరాక ఇది అమ్మకమా, అప్పా అన్న ప్రశ్న లేచింది. రికోర్స్ ఉన్నా, అమ్మినవాడు బాకీపై హక్కు వదులుకుని, రాబోయే నష్టాన్ని సరిగా అంచనా వేయగలిగితే, రికోర్స్ షరతు కింద తప్ప బాకీని తిరిగి కొనమని ఫ్యాక్టర్ బలవంతపెట్టలేకపోతే, అమ్మకమేనని 1983లో అమెరికా ప్రమాణం ఎస్ఎఫ్ఏఎస్ 77 అంది. 1994లో బ్రిటన్ తెచ్చిన ఎఫ్ఆర్ఎస్ 5 కాగితం మీది మాట కాదు, అసలు సంగతి చూడమంది. అంతర్జాతీయ ప్రమాణాలు కూడా నష్టభయం, లాభం ఎవరివని ముందు అడుగుతాయి. అవి రెండు వైపులా పంచుకున్నప్పుడే బాకీ ఎవరి అదుపులో ఉందని చూస్తాయి. 2016 నుంచి మన పెద్ద కంపెనీలకు దశలవారీగా వచ్చిన ఇండ్ ఏఎస్ 109దీ అదే దారి.

గుంటూరులో ఒక నూలు మిల్లు ఉందనుకుందాం. 90 రోజుల గడువున్న కోటి రూపాయల బాకీలను అమ్మి, ఫ్యాక్టర్ నుంచి 80 లక్షలు వెంటనే తీసుకుంది. మిగతాది వసూలయ్యాక వస్తుంది. మొదటి 5 లక్షల నష్టం మిల్లుది, ఆపైది ఫ్యాక్టరుది అని ఒప్పందం. పైకి చూస్తే నష్టం పంచుకున్నట్టే ఉంది. కానీ పాత ఖాతాలు తీస్తే కోటికి ఏటా మునిగేది 2 లక్షలే. అంటే మామూలుగా వచ్చే నష్టమంతా మిల్లు నెత్తినే ఉంది. కనుక కోటి బాకీ బ్యాలెన్స్ షీట్‌లో అలాగే ఉండాలి, 80 లక్షలు అప్పుగా కనబడాలి. ఆ 80 లక్షలను బాకీల్లోంచి తీసేస్తే, అప్పు లేని కంపెనీ అని బ్యాంకు పొరబడుతుంది.

నష్టమంతా ఫ్యాక్టరుదే అయి, కొనుగోలుదారు కట్టినా కట్టకపోయినా మిగిలిన 20 లక్షలూ ఫ్యాక్టరే ఇవ్వాల్సి ఉంటే, బాకీ లెక్కలోంచి పోతుంది. ఆ 20 లక్షలు ఫ్యాక్టర్ నుంచి రావలసినదిగా నిలుస్తాయి. అయితే ఒక షరతు వెతకాలి. కొనుగోలుదారు ఆలస్యం చేసినన్ని రోజులూ వడ్డీ మిల్లే కడుతుంటే, ఆలస్యపు నష్టం ఇంకా మిల్లుదే. దాన్నీ తూకంలో వేయాలి.

అందుకే ఒప్పందం మీద ‘అమ్మకం’ అన్న మాట చూసి పద్దు రాయకండి. పాత ఖాతాల్లోని మామూలు నష్టం ఈసారి వస్తే ఎవరి జేబులోంచి పోతుందో చూడండి. అది మీ జేబే అయితే, ఆ బాకీ ఇంకా మీదే.