పి, ఎస్ తరంగాల వ్యవధితో భూకంప అధికేంద్ర నిర్ణయం

భూకంపం పుట్టే చోటును నాభి అనీ, దానికి నిట్టనిలువుగా నేల మీద ఉండే బిందువును అధికేంద్రం అనీ అంటారు. నాభి నుంచి రెండు రకాల తరంగాలు భూమి లోపలి గుండా బయలుదేరతాయి. రాతిని నొక్కుతూ, సాగదీస్తూ సాగే పి తరంగం ముందు చేరుతుంది. రాతిని అడ్డంగా ఊపే ఎస్ తరంగం వెనక వస్తుంది. భూమి పైపొరలో పి వేగం సెకనుకు సుమారు 6 కి.మీ., ఎస్ వేగం 3.4 కి.మీ. దూరం పెరిగేకొద్దీ రెండింటి మధ్య ఎడమూ పెరుగుతుంది. ఆ ఎడాన్ని కొలిచి నాభి ఎంత దూరాన ఉందో లెక్కగట్టవచ్చు. మూడు స్టేషన్ల నుంచి దూరాలు తెలిస్తే అధికేంద్రం దొరుకుతుంది.

శతాబ్దాలపాటు ఎక్కడ నష్టం ఎక్కువో అక్కడే భూకంపం పుట్టిందని అనుకున్నారు. 1857లో నేపుల్స్ రాజ్యంలో వచ్చిన భూకంపం తరువాత రాబర్ట్ మాలెట్ గోడల పగుళ్లు, పడిపోయిన వస్తువుల దిశలు చూసి కేంద్రాన్ని వెతికాడు. ఘన పదార్థంలో రెండు రకాల తరంగాలు సాధ్యమని ఫ్రెంచి గణితవేత్త పాయసాన్ అంతకు పాతికేళ్ల ముందే సిద్ధాంతరీత్యా చూపాడు. అయితే వాటిని నిజమైన భూకంపంలో గుర్తించడానికి పరికరాలు లేవు.

1889 ఏప్రిల్‌లో జపాన్ భూకంపాన్ని జర్మనీలోని పోట్స్‌డామ్, విల్‌హెల్మ్స్‌హావెన్‌లలో ఉన్న లోలకాలు నమోదు చేశాయి. దూరపు భూకంపాన్ని పరికరంతో చదవవచ్చని దీంతో రుజువైంది. అసలు మలుపు భారతదేశం నుంచి వచ్చింది. 1897 జూన్ 12న అస్సాంను కుదిపేసిన మహా భూకంపాన్ని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ అసాధారణ శ్రద్ధతో పరిశోధించాడు. ఆనాడు దేశానికంతటికీ ఒకే గడియారం లేదు. రైల్వేలు మద్రాసు సమయాన్ని పాటిస్తే, కలకత్తా, బొంబాయి తమ స్థానిక సమయాలను పాటించేవి. అందువల్ల ప్రకంపన ఏ ఊరికి ఎప్పుడు చేరిందో పోల్చడమే పెద్ద చిక్కు. ఓల్డ్‌హామ్ తన బృహత్ నివేదికను 1899లో ప్రచురించాడు. యూరోప్ పరికరాల నమోదుల్లో ముందు రెండు విడతల సన్నని కదలిక, ఆ తరువాత పెద్ద అలలు కనిపించడం ఆయన గమనించాడు. మొదటి రెండూ భూమి లోపలి గుండా వచ్చిన పి, ఎస్ తరంగాలనీ, మూడోది ఉపరితలం వెంబడి వచ్చిందనీ 1900 నాటి వ్యాసంలో వివరించాడు.

పి, ఎస్ వ్యవధిని కొలిచే పద్ధతికి ఈ గడియారాల చిక్కు లేదు. వ్యవధిని కొలిచేది ఒకే స్టేషన్‌లోని ఒకే గడియారం. అది పది నిమిషాలు వెనకబడి ఉన్నా రెండు తరంగాల మధ్య ఎడం మారదు. జపాన్ శాస్త్రవేత్త ఫుసాకిచి ఒమోరి దీన్ని సులభ సూత్రంగా మార్చాడు. ఆయన 1918లో ఇచ్చిన రూపంలో వ్యవధి సెకన్లను 7.42తో గుణిస్తే దగ్గరి భూకంపానికి దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఈ గుణకం రాతి వేగాలను బట్టి మారుతుంది. పై వేగాలకు అది సుమారు 8.

మూడు స్టేషన్లలో వ్యవధి 10, 12.5, 15 సెకన్లు ఉందనుకుందాం. దూరాలు 80, 100, 120 కి.మీ. అవుతాయి. పటం మీద ఒక్కో స్టేషన్ చుట్టూ ఆ వ్యాసార్థంతో వృత్తం గీయాలి. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో మూడు వృత్తాలు ఒకే బిందువులో కలుస్తాయి. వాస్తవంలో అవి ఒకదానిపైకి ఒకటి చొచ్చుకుపోతాయి. ఎందుకంటే లెక్కకు వచ్చినది నాభి దాకా ఉన్న ఏటవాలు దూరం, నేల మీద దూరం కాదు. అప్పుడు ఒక్కో జంట వృత్తాలు ఖండించుకునే బిందువులను సరళరేఖతో కలపాలి. ఆ మూడు రేఖలూ కలిసేచోటే అధికేంద్రం. రెండో స్టేషన్ నుంచి అది 96 కి.మీ. దూరాన ఉందని తేలితే, 100 వర్గం నుంచి 96 వర్గాన్ని తీసివేయగా 784 మిగులుతుంది. దాని వర్గమూలం 28. నాభి 28 కి.మీ. లోతున ఉందన్నమాట. వృత్తాలు ఖండించుకోకపోతే కొలతలోనో, తీసుకున్న వేగంలోనో లోపం ఉన్నట్టు. తప్పు సాధారణంగా ఎస్ దగ్గర జరుగుతుంది, ఎందుకంటే దాని ఆరంభం పి తెచ్చిన కదలికలో మునిగి ఉంటుంది. ఒక సెకను పొరబడినా దూరం 8 కి.మీ. మారిపోతుంది.

లోతు విషయంలో ఈ వ్యవధి గొప్ప ఫలితం ఇచ్చింది. కొన్ని భూకంపాలకు అధికేంద్రం దగ్గరి స్టేషన్లలో కూడా వ్యవధి చాలా ఎక్కువగా ఉండటం కియో వడాటి గమనించాడు. జపాన్ కింద వందల కిలోమీటర్ల లోతున భూకంపాలు పుడుతున్నాయని 1928లో నమ్మదగిన ఆధారాలతో నిరూపించాడు. పి రాక సమయానికి ఎదురుగా వ్యవధిని గుర్తించే రేఖాపటం కూడా ఆయనదే. ఆ రేఖ వ్యవధి సున్నా అయ్యే చోటికి చేరినప్పుడు భూకంపం పుట్టిన క్షణం తెలుస్తుంది.

వేల కిలోమీటర్ల దూరంలో ఒకే గుణకం పనికిరాదు. తరంగాలు లోతుకు దిగేకొద్దీ వేగం పెరుగుతుంది కాబట్టి ప్రయాణకాల పట్టికలు కావాలి. 1940లో వెలువడిన జెఫ్రీస్, బుల్లెన్‌ల పట్టికలు దశాబ్దాలపాటు వాడుకలో నిలిచాయి. అనేక స్టేషన్ల రాక సమయాలకు ఒకేసారి సరిపోయే స్థానాన్ని అంచనాను సవరిస్తూ వెతికే పద్ధతిని లుడ్విగ్ గైగర్ 1910లో ప్రతిపాదించాడు. కంప్యూటర్లు నేడు చేసే లెక్కకు అదే మూలం. స్టేషన్లన్నీ భూకంపానికి ఒకే పక్కన ఉన్నప్పుడు ఆ లెక్క తడబడుతుంది. అలాంటప్పుడు దగ్గరి స్టేషన్‌లో స్పష్టంగా చదివిన ఒక్క ఎస్ రాక నాభి దూరాన్ని అదుపులో ఉంచుతుంది.