ఆటోరిఫ్రాక్టోమీటర్ రీడింగు

కళ్లజోళ్ల షాపుల్లో 'కంప్యూటర్ చెకింగ్' అనేది దీన్నే. గడ్డం ఆనించి లోపలి బెలూన్ బొమ్మను చూస్తుంటే, యంత్రం కంట్లోకి పరారుణ కాంతి పంపి, రెటీనా నుంచి తిరిగొచ్చిన కాంతిని బట్టి పవర్ లెక్కగడుతుంది. స్లిప్పు మీద SPH, CYL, AXIS అంకెలు వస్తాయి. పరీక్షకు ఇది ఆరంభమే. ట్రయల్ ఫ్రేములో అద్దాలు మారుస్తూ, ఏది స్పష్టంగా ఉందో చూసేవారినే అడిగి పవర్ తేల్చాలి.

యంత్రం ఎక్కువగా బోల్తాపడేది పిల్లల దగ్గర. బొమ్మ దూరంగా కనిపించినా, అది దగ్గరే ఉందన్న భావనతో కంటి కండరం బిగుసుకుని లెన్సు ఉబ్బుతుంది, దాంతో యంత్రం లేని మైనస్ పవర్ చూపిస్తుంది. పదేళ్ల పాపకు వరసగా -0.50, -1.25, -2.00 వచ్చాయనుకుందాం. అంకెలు అలా ఊగడమే అనుమానానికి గుర్తు. సైక్లోపెంటొలేట్ చుక్కలు వేసి, ముప్పావుగంట ఆగి చూస్తే +0.50 తేలవచ్చు. స్లిప్పును నమ్మి మైనస్ అద్దాలిస్తే చదివేటప్పుడు తలనొప్పి వస్తుంది. చిత్రమేమిటంటే, దూరపు అక్షరాలు బాగానే కనిపిస్తాయి, అందుకే తప్పు త్వరగా బయటపడదు.

శుక్లం, కెరటోకోనస్ ఉన్నా రీడింగు నమ్మదగినది కాదు. మధుమేహులకు షుగరు అదుపు తప్పిన రోజుల్లో కంటి పవరే మారుతుంది, అప్పుడు అద్దాల పవర్ పరీక్షను షుగరు అదుపులోకి వచ్చాక కొన్ని వారాలు ఆగి చేయించుకోవాలి.