జనాజా కబురుకు ఏ క్యాప్షన్ పెట్టాలి?

ఇంట్లో పెద్దాయన ఇంతికాల్ అయ్యారు. వాట్సాప్‌లో ఆయన ఫొటో కింద పెట్టడానికి మూడు క్యాప్షన్లు రాశారనుకుందాం.

మొదటిది: "అబ్బా మమ్మల్ని వదిలి వెళ్లిపోయారు." చిన్నదే, మనసుకు తాకుతుంది. కానీ చదివినవాళ్లు సంతాపం రాసి ఊరుకుంటారు, బయల్దేరరు.

రెండోది ఆయన జీవితమంతా చెప్పి, చివర్లో నమాజ్ వేళ చెబుతుంది. మర్యాదగానే ఉంది. అయితే పొడవు వల్ల ఆ వేళ "Read more" వెనక దాక్కుంటుంది. అది ఖనన్ అయ్యాక పంపాల్సింది.

మూడోది: "మా అబ్బా ఇంతికాల్ అయ్యారు. జనాజా నమాజ్ ఈరోజు అసర్ తర్వాత, పెద్ద మసీదులో." పనికొచ్చేది ఇదే. కాకపోతే ఫార్వర్డ్ అయ్యాక "మా అబ్బా" ఎవరో తెలీదు, మర్నాడు చదివినా "ఈరోజు" అనే ఉంటుంది. అసర్ జమాత్ కూడా అన్ని మసీదుల్లో ఒకే వేళకు జరగదు. అందుకే పేరు, తేదీ, గంట, మసీదున్న వీధి వేసి పంపాలి.