తుఫాను కబురు తేలిక మాటల్లోకి: కృష్ణపట్నం తీరంలో నూట పాతికేళ్ల నడక

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మన పేపర్లలో ఒక వాక్యం తప్పకుండా వస్తుంది: కృష్ణపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. చదువరులు దాన్ని వాన కబురులా చదివి వదిలేస్తారు. కానీ అది చదువు రాని మనిషికీ తెలిసే భాష. వాతావరణ శాస్త్రవేత్త ఇంగ్లీషులో రాసుకున్న నాలుగు పేరాలను అక్షరం అవసరం లేకుండా ఒక స్తంభం మీదికి ఎక్కించిన ప్రయత్నం అది.

1864 అక్టోబరులో కలకత్తాను ఒక పెనుతుఫాను ఊడ్చేసింది. మరుసటి ఏడాదే ఆ రేవుకు ముందస్తు హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. రేవుకో పద్ధతిగా నడుస్తున్న సంకేతాలను 1898లో దేశమంతా ఒకే వరుసలోకి తెచ్చారు. పగలైతే స్తంభానికి శంకువు, పీపా ఆకారాలు. రాత్రయితే ఎర్రదీపాలు, తెల్లదీపాలు. పడవ మీదున్నవాడు దూరం నుంచి చూసి తెలుసుకోవాలి. మొత్తం పదకొండు నంబర్లు.

ఆ నంబర్లు జనంలోకి వచ్చేసరికి ఒక పొరపాటు చేరింది. పరీక్షలో మార్కుల్లా, నంబరు పెరిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతుందని అందరం అనుకుంటాం. కొంతవరకు నిజమే. ఒకటి, రెండు దూరపు సముద్రం గురించి చెబుతాయి. మూడు, నాలుగు రేవుకు రాబోయే గాలి గురించి. అయిదు మొదలుకొని లెక్క మారుతుంది. అయిదు, ఆరు, ఏడు మూడూ ఒకే స్థాయి ప్రమాదాలు; వాటి మధ్య తేడా తుఫాను ఏ పక్క నుంచి పోతుందన్నదే. తుఫాను సాగే దారికి రేవు ఎడమ పక్కన ఉంటే అయిదు, కుడి పక్కన ఉంటే ఆరు, నెత్తి మీదుగానో బాగా దగ్గరగానో పోయేట్లుంటే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఇదే వరుస, తీవ్ర తుఫానుకు. పదకొండు మాత్రం వేరు. హెచ్చరికలు పంపే కార్యాలయంతో సంబంధాలు తెగిపోయాయని, రేవులోని అధికారి అంచనాలో ముప్పు ఉందని దాని అర్థం.

కృష్ణపట్నం వారికి ఈ తేడా ప్రాణంతో సమానం. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. పడమరకు వచ్చే తుఫాను కృష్ణపట్నానికి ఉత్తరాన తీరం దాటితే రేవు ఎడమ పక్కన పడుతుంది. అక్కడ గాలి ఎక్కువగా నేల మీది నుంచి సముద్రం వైపు తోస్తుంది. అదే తుఫాను దక్షిణాన, పులికాట్ వైపు దాటితే రేవు కుడి పక్కన పడుతుంది. అప్పుడు గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి నెడుతుంది. అంటే అయిదుకీ ఆరుకీ మధ్య ఉన్నది ఒక మెట్టు కాదు, ఉప్పెన. సంకేతాన్ని ‘అయిదో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని తెలుగులో పెట్టిన రోజు అనువాదంలో తప్పేమీ లేదు. ‘పక్క’ అనే విషయం మాత్రం దారిలో జారిపోయింది. తేలిక చేయడమంటే మాటలు తగ్గించడమే అనుకున్నప్పుడు ముందుగా పోయేది ఇలాంటి విషయమే.

స్తంభం రేవులో ఉన్నవాడికి కనపడుతుంది, పాలెంలో ఉన్నవాడికి కనపడదు. ఆ ఖాళీని రేడియో కొంత పూడ్చింది. అయినా 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది పోయారు. వాతావరణ శాఖకు తుఫాను కనపడింది, హెచ్చరికలూ వెళ్లాయి. అవి ఊరి దాకా, ఊరివాళ్లకు తలకెక్కే మాటల్లో చేరలేదు. ఆ దెబ్బ తర్వాత 1980ల మధ్యలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తీర గ్రామాలకు నేరుగా గొంతుతో హెచ్చరిక పంపే ఏర్పాటు వచ్చింది. మొదటి రిసీవర్లను ఆంధ్ర తీరంలోనూ ఉత్తర తమిళనాడులోనూ పెట్టారు. మద్రాసు కేంద్రంలో ఇంగ్లీషు బులెటిన్‌ను తెలుగు చేసి చదివేవారు. తుఫాను కబురును తెలుగులో ‘చెవికి’ రాయడం అలా గట్టిగా మొదలైంది. చెవికి రాసేవాడికి ఒక ఇబ్బంది ఉంది: విన్నవాడు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోలేడు. అందుకే ఊరి పేరు, టైము, చేయాల్సిన పని వాక్యం మొదట్లోనే రావాలి, మళ్లీ చివర్లో ఇంకోసారి రావాలి.

కంటికి రాయడం ఈ జిల్లాలో 1990ల మొదట్లో ఊపందుకుంది. నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమంలో వయోజనులకు పెద్ద అక్షరాలతో, చిన్న వాక్యాలతో వాచకాలు వచ్చాయి. దూబగుంటలో ఒక పాఠం చదివిన ఆడవాళ్లు సారా దుకాణం ముందు నిలబడ్డ సంగతి, 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం దాకా అది సాగిన సంగతి అందరికీ తెలిసినవే. ఆ వాచకాలు రాసినవాళ్లు నేర్చుకున్న పద్ధతి, అంటే ఒక వాక్యంలో ఒకే సంగతి, తుఫాను కబురు రాసేవాళ్ల దాకా ఎందుకో చాలాకాలం రాలేదు.

ఇక 2023 డిసెంబరు నాటి మిచాంగ్ తుఫాను దగ్గరికి వద్దాం. వాతావరణ శాఖ చెప్పినదాన్ని ఆఫీసు తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: ‘తీవ్ర తుఫాను దాదాపు ఉత్తర దిశగా, దక్షిణ కోస్తాంధ్ర తీరానికి సమాంతరంగా పయనించి, డిసెంబరు 5 పూర్వాహ్నం నెల్లూరు, మచిలీపట్నం మధ్య బాపట్లకు సమీపంలో తీరం దాటే అవకాశం ఉంది, ఆ సమయంలో గరిష్ఠ స్థిర గాలి వేగం గంటకు 90–100 కిలోమీటర్లు, ఈదురుగా 110 కిలోమీటర్లు, ఖగోళ ఆటుపోట్లపై 1–1.5 మీటర్ల ఉప్పెన వల్ల లోతట్టు ప్రాంతాలు జలమయమయ్యే అవకాశం ఉంది.’ తప్పు తెలుగు కాదు. కానీ అయిదో తరగతితో బడి మానేసిన వ్యక్తికి ఇందులో పట్టు దొరికేది ‘బాపట్ల’ అన్న ఒక్క మాటే. బాపట్ల తనకు నూట యాభై కిలోమీటర్లకు పైగా దూరం. ‘మనకు కాదులే’ అనుకుంటాడు. తుఫాను మాత్రం అతని తీరం పక్కనుంచే ఉత్తరానికి పోతోంది.

తేలిక చేయడం ఇక్కడ మొదలవ్వాలి:

‘తుఫాను మన నెల్లూరు తీరం పక్కనుంచి ఉత్తరానికి పోతుంది. 5వ తేదీ పొద్దున, మధ్యాహ్నం లోపు, బాపట్ల దగ్గర ఒడ్డెక్కవచ్చు. టైము కొంచెం అటూ ఇటూ కావచ్చు. అది ఒడ్డెక్కేది బాపట్ల దగ్గరైనా గాలీ వానా మనకూ ఉంటాయి. ఒడ్డెక్కే చోట గాలి ఆగకుండా గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు వీస్తుంది. మధ్య మధ్య ఒక్కసారిగా 110 దాకా కొడుతుంది. సముద్రం మామూలు పోటు కంటే ఇంకా 1 మీటరు నుంచి 1.5 మీటర్ల ఎత్తు లేవవచ్చు. పల్లపు చోట్లకు నీళ్లు రావచ్చు. వేటకు వెళ్లొద్దు.’

వాక్యాలు పెరిగాయి, మాటలు తగ్గలేదు. తేలిక చేసిన పాఠం అసలుకంటే పొడవు కావడంలో వింత లేదు. ‘సమాంతరంగా’ అన్న ఒక్క మాట విప్పితేనే ఒక వాక్యమవుతుంది. ‘అవకాశం ఉంది’ని ‘దాటుతుంది’ అని బిగించలేదు, ‘వచ్చు’తో ఉంచాం. ‘పూర్వాహ్నం’ను ‘పది గంటలకు’ అని మార్చలేదు. ఈ జాగ్రత్త ఊరికే కాదు: మిచాంగ్ చివరికి తీరం దాటింది మధ్యాహ్నం పన్నెండున్నర, రెండున్నర మధ్య. పది గంటలని రాసుంటే, పదకొండుకు ‘తుఫాను రాలేదు’ అని బయటికొచ్చేవాళ్లు.

తడబడే చోట్లు రెండున్నాయి. ఒకటి ఉప్పెన ఎత్తు. మీటరంటే నడుం ఎత్తు అని చెబితే సులువుగా తెలుస్తుంది కదా అనిపిస్తుంది. తెలుస్తుంది, తప్పుగా. ఉప్పెన కొలత సముద్రం మట్టం నుంచి. ఇంట్లో నీటి లోతు ఆ ఇల్లు ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి. ‘నడుం లోతు నీళ్లు వస్తాయి’ అన్నామంటే లేని సంగతి చెప్పినట్టే. రెండోది భయం. తీవ్ర తుఫాను గాలికి వాతావరణ శాఖ రాసే నష్టాల పట్టికలో గడ్డి కప్పులు, గుడిసెలు బాగా దెబ్బతినడం, పెద్ద చెట్లు పడి కరెంటు తీగలకు కొంత నష్టం ఉంటాయి. తేలిక చేసేవాడు అక్కడ ‘ఇళ్లు కూలిపోతాయి’ అని రాయడం చాలాసార్లు చూస్తాం. మంచి ఉద్దేశమే. కానీ పక్కా ఇల్లున్నవాడు ఈసారి ఇల్లు కూలకపోతే, వచ్చేసారి కబురునే నమ్మడు.

సముద్రపు అలల విషయంలో ఇంతకంటే సన్నని ముల్లు ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ 1999లో ఏర్పడింది. అలల ఎత్తు మీద హెచ్చరికలు అదే ఇస్తుంది. అందులో ‘2.5 నుంచి 3.5 మీటర్ల అలలు’ అని ఉంటే, అది ఎత్తైన మూడో వంతు అలల సగటు. ఒంటరిగా లేచే ఒక్కో అల దానికి దాదాపు రెట్టింపు కావచ్చు. ‘అలలు 3.5 మీటర్ల వరకు’ అని తెలుగు చేయగానే సగటు కాస్తా హద్దయి కూర్చుంటుంది. ‘పెద్ద అలలు ఎక్కువగా ఇంత ఎత్తు ఉంటాయి, అప్పుడప్పుడు ఒకటి దీనికి రెట్టింపు రావచ్చు’ అంటే అబద్ధం కాదు, అర్థమూ అవుతుంది.

వాన హెచ్చరికలో ‘ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షం’ అనేది కూడా ఇలాంటిదే. వాతావరణ శాఖ లెక్కలో అది ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించని చోట్ల అని. ఏ చోట అన్నది ఎవరూ ముందే చెప్పలేరు. వినేవాడు ‘ఎక్కడో రెండూళ్లు’ అనుకుంటాడు. ‘కొద్ది చోట్లే పడుతుంది, మన ఊరూ అందులో ఉండొచ్చు’ అని విప్పాలి.

సులువుగా ఉందో లేదో కొలిచేదెలా? ఇంగ్లీషులో రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇచ్చిన సూత్రం వాక్యం పొడవునూ మాటలోని అక్షరాల చప్పుళ్లనూ లెక్కిస్తుంది. తెలుగుకు అది పనికిరాదు. ‘వెళ్లకూడదన్నారు’ ఎంత పొడవైనా పిల్లవాడికి తెలుసు. ‘ఖగోళ’ మూడే అక్షరాలైనా పాలెంలో ఎవరి నోటా రాదు. ఫోన్ సందేశమైతే ఇంకో అడ్డు: తెలుగులో ఒక సందేశానికి పట్టేవి 70 గుర్తులే, ఇంగ్లీషులో 160. ‘కృష్ణపట్నం’ ఒక్కటే పది గుర్తులు తింటుంది. అందుకే కుదించేటప్పుడు ‘వచ్చు’లూ ‘దాదాపు’లూ ముందు ఎగిరిపోతాయి.

నమ్మదగిన పరీక్ష ఒకటే: చదివిన మనిషిని ‘నీ మాటల్లో ఇంకొకరికి చెప్పు’ అని అడగడం. ‘అర్థమైందా’ అంటే అందరూ తలూపుతారు. ‘ఎప్పుడు, ఎక్కడ, నువ్వేం చేస్తావు’ అని అడిగితే జారిన చోటు బయటపడుతుంది. నెల్లూరు తీరంలో పట్టపు కులస్థుల ఇళ్లలో తమిళం కలిసిన మాట వినపడుతుంది. అక్కడ ఈ పరీక్ష వాళ్ల మాటలోనే జరగాలి. జవాబులో అసలు బులెటిన్‌లో లేని అంకె గానీ, ఊరు గానీ వచ్చిందంటే తప్పు చదివినవాడిది కాదు, రాసినవాడిది.

అందరూ అశ్రద్ధ చేసేది చివరి సందేశాన్ని. ‘తుఫాను తీరం దాటింది’ అనగానే పడవలు సర్దుకోవడం మొదలవుతుంది. బులెటిన్‌లో మాత్రం, సముద్రం కల్లోలంగానే ఉందని మరో పేరా ఉంటుంది. అది ఇలా చేరాలి: ‘తుఫాను ఒడ్డెక్కింది. సముద్రం ఇంకా తగ్గలేదు. గాలి ఇంకా ఉంది. వేటకు వెళ్లొచ్చని మళ్లీ చెప్పేదాకా పడవలు దించొద్దు.’