పదిహేను శాతం లోపల ఎవరికెంత?

రిజర్వేషన్ల మీద లొల్లి లేస్తే "ఉండాల్నా, వద్దా" అన్న కాడనే ఆగిపోతది. నేను అడిగేది ఇంకోటి. వచ్చిన వాటా లోపల ఎవరికెంత? ఎస్సీ వర్గీకరణ కొట్లాట ఈ ప్రశ్నదే.

అసలు రిజర్వేషన్ ఎందుకంటే సిద్ధాంతంల రెండు పెద్ద జవాబులున్నయ్. ఒకటి, తరాల అన్యాయానికి పరిహారం. రెండోది అంబేడ్కర్ గట్టిగ పట్టుకున్న మాట: సర్కారు కొలువు అంటే జీతమే కాదు, అధికారం. అది కొన్ని కులాల చేతులనే ఉండొద్దు.

ఎదురు వాదన కూడా ఇనాలె. హక్కు మనిషికి, కులానికి కాదు. మార్కులు ఎక్కువొచ్చిన పిల్లగాడు తాను చెయ్యని తప్పుకు సీటు ఎందుకు పోగొట్టుకోవాలె? కులం పేరున ఇస్తే కులం ఇంకా గట్టిపడదా? నా జవాబు ఒకటే. మార్కుల ఎనుక బడి, ట్యూషన్, చదువుకున్న తల్లిదండ్రులు ఉంటరు. అవి సమానంగ దొరకనప్పుడు మార్కు ఒక్కటే ప్రతిభను కొలవలేదు.

అయితే ఇదే మాట ఎస్సీల లోపల కూడా వర్తిస్తది. ముందు చదువుకున్న కులాలే ముందు అందుకుంటున్నయని 1994ల ప్రకాశం జిల్లా ఈదుమూడిల మాదిగ దండోర మొదలైంది. 1997ల ఉమ్మడి రాష్ట్రం 15 శాతాన్ని ఏ, బీ, సీ, డీ కింద 1, 7, 6, 1గా పంచింది. ఎస్సీలంతా ఒకటే వర్గం, విడదీయొద్దని 2004ల చిన్నయ్య కేసుల సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి 6–1తోని ఆ తీర్పును మార్చింది. రాష్ట్రాలు పంచొచ్చు గని లెక్కలు చూపాలె, మొత్తం వాటా ఒక్క గుంపుకే కట్టబెట్టొద్దు అన్నది.

2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల 59 కులాలు మూడు గ్రూపులైనయ్. బాగ ఎనుకబడ్డ 15 కులాలకు 1 శాతం, మాదిగలున్న 18 కులాలకు 9, మాలలున్న 26 కులాలకు 5. అంటే నూరు కొలువులల్ల ఒకటి, తొమ్మిది, అయిదు.

"దళితుల ఐక్యత పోతది" అనేటోళ్ల భయం ఉత్తది కాదు. కానీ చిన్న కులం పిల్లకు ఏమీ దక్కని ఐక్యత ఎన్నొద్దులు నిలుస్తది? నాకు ఇంకో చిక్కు పెద్దగ కనపడుతది. ఇరవై పోస్టుల నోటిఫికేషన్‌ల నూటికొక్కటి అన్న వాటాకు వంతు రాకపోవచ్చు. అందుకే నోటిఫికేషన్ పడంగనే మొత్తం పోస్టులు చూసి ఊకోకుండ్రి. రోస్టర్‌ల ఏ గ్రూపుకు ఏ పాయింట్ పడ్డదో చూడుండ్రి. కాయిదం మీది వాటా, చేతికొచ్చిన వాటా ఒకటేనా కాదా అన్నది అక్కడనే తేలుతది.