జనగణన పట్టికలో శీర్షికలుగా మారిన చరరాశులు: చైతన్యపురి పరిసర చరిత్ర రచనకు ఒక పద్ధతి

ఉపోద్ఘాతం

చైతన్యపురి, ఎల్.బి.నగర్ ప్రాంతాలు 2007లో ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ పరిధిలోకి వచ్చాయి. కానీ 2001, 2011 జనగణనలలో ఇవి రంగారెడ్డి జిల్లాకు చెందినవే. కనుక నగరం తూర్పుకు విస్తరించిన తీరును చూడాలంటే రెండు జిల్లాల లెక్కలనూ కలిపి చదవాలి. ఆ లెక్కలను సాధారణంగా ఇలా అమరుస్తాం.

| జిల్లా | పురుషులు 2001 | స్త్రీలు 2001 | పురుషులు 2011 | స్త్రీలు 2011 |
|---|---|---|---|---|
| హైదరాబాదు | 19,81,173 | 18,48,580 | 20,18,575 | 19,24,748 |
| రంగారెడ్డి | 18,39,227 | 17,35,837 | 27,01,008 | 25,95,733 |

శీర్షికలో దాగినవి

ఇది కంటికి అనుకూలమైన అమరికే. కానీ సంవత్సరం, లింగం అనే రెండు చరరాశులకు ఇందులో సొంత నిలువు వరుసలు లేవు. అవి శీర్షికల్లో ఇమిడిపోయాయి. జనాభా అనే ఒకే చరరాశి మాత్రం నాలుగు వరుసల్లో చెదిరి ఉంది. ఒక్కో చరరాశికి ఒక్కో నిలువు వరుస, ఒక్కో పరిశీలనకు ఒక్కో అడ్డు వరుస ఉండాలన్న సూత్రాన్ని హ్యాడ్లీ విక్‌హామ్ 2014లో ఒక వ్యాసంలో వివరించాడు. ఆర్ భాషలో ఆ మార్పు ఇలా సాధ్యం.

```
pivot_longer(census, -district,
  names_to = c("sex", "year"),
  names_sep = "_",
  values_to = "population")
```

ఇందులో వరుసల పేర్లు `male_2001` వంటివి. అడ్డగీత దగ్గర పేరు రెండుగా విడిపోతుంది. రంగారెడ్డికి సంబంధించిన ఫలితం ఇది.

| జిల్లా | లింగం | సంవత్సరం | జనాభా |
|---|---|---|---|
| రంగారెడ్డి | పురుషులు | 2001 | 18,39,227 |
| రంగారెడ్డి | స్త్రీలు | 2001 | 17,35,837 |
| రంగారెడ్డి | పురుషులు | 2011 | 27,01,008 |
| రంగారెడ్డి | స్త్రీలు | 2011 | 25,95,733 |

ఇప్పుడు జిల్లా, సంవత్సరాల వారీగా కూడితే, పదేళ్లలో హైదరాబాదు జిల్లా జనాభా 1,13,570 పెరగగా, రంగారెడ్డి జనాభా 17,21,677 పెరిగినట్లు తేలుతుంది. నగరం పాత జిల్లా హద్దు దాటి పెరిగిందన్న వాదనకు ఇది ఆధారం.

పొరపాట్లు, పరిమితులు

అచ్చు పట్టికల్లో ‘మొత్తం’ అనే వరుస కూడా ఉంటుంది. దాన్ని తొలగించకుండా మారిస్తే ‘మొత్తం’ కూడా ఒక లింగంగా నమోదై, కూడికలో జనాభా రెట్టింపవుతుంది. 2011 హైదరాబాదు 39,43,323కు బదులు 78,86,646గా కనిపిస్తుంది. దీన్ని గుర్తించడం సులభం: రెండు జిల్లాలు, రెండు సంవత్సరాలు, రెండు లింగాలు కలిసి ఎనిమిది అడ్డు వరుసలే రావాలి. పన్నెండు వస్తే ‘మొత్తం’ చొరబడినట్లే.

రెండవ చిక్కు పట్టిక మార్పుతో తీరదు. 2016 పునర్విభజనలో పాత రంగారెడ్డి నుంచి మేడ్చల్-మల్కాజిగిరి, వికారాబాద్ జిల్లాలు వేరయ్యాయి. పేరు అదే అయినా భూభాగం అది కాదు. తర్వాతి లెక్కలను ఇదే పట్టికలో చేర్చదలిస్తే ‘ఏ హద్దుల ప్రకారం’ అన్నది మరొక నిలువు వరుసగా ఉండాలి.

ముగింపు

పొడవు పట్టిక కొత్త సమాచారాన్ని ఇవ్వదు. శీర్షికలో ఉన్న కాలాన్ని, లింగాన్ని ప్రశ్నించదగిన అంశాలుగా బయటికి తెస్తుంది. హద్దు వంటి అసలు నమోదే కాని అంశాన్ని మాత్రం చరిత్రకారుడే చేర్చాలి.