రంగు మారితే తటస్థమేనా?

పదో తరగతి క్విజ్‌లో ఆమ్లాలు, క్షారాల వంతు రాగానే దాదాపు తప్పకుండా వినిపించే ప్రశ్నలు మూడున్నాయి. నీలి లిట్మస్ ఆమ్లంలో ఏ రంగుకు మారుతుంది? ఆమ్లం, క్షారం కలిస్తే ఏమేర్పడతాయి? తటస్థ ద్రావణం పీహెచ్ ఎంత? ఎరుపు, లవణమూ నీరూ, ఏడు. బజర్ నొక్కడమే ఆలస్యం. మూడు జవాబులూ ఒప్పే. చిక్కల్లా ఈ మూడింటినీ పక్కపక్కన కూర్చోబెట్టడంలో ఉంది. అలా కూర్చోబెట్టేసరికి అవి ఒకే సంగతికి మూడు పేర్లన్న భావం పిల్లల్లో స్థిరపడిపోతుంది: రంగు మారిందంటే తటస్థీకరణ పూర్తయింది, పూర్తయిందంటే పీహెచ్ ఏడుకు చేరింది అని. అసలు సంగతి వేరు. ఈ మూడూ మూడు వేర్వేరు శతాబ్దాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. పైగా చివరిదైన పీహెచ్ పుట్టిందే తటస్థీకరణ లెక్క చాలకపోవడం వల్ల. క్విజ్‌లో కవలల్లా కనిపించే ఈ రెండూ చరిత్రలో వాది, ప్రతివాదులు.

ముందు పుట్టింది రంగు. సూచికలను క్రమపద్ధతిలో వాడినవాడిగా రాబర్ట్ బాయిల్ పేరు చెబుతారు. రంగుల మీద ఆయన పుస్తకం 1664లో అచ్చయింది. అందులో వయొలెట్ పూల పాకాన్ని తెల్ల కాగితం మీద వేసి, దానికి ఆమ్లం తగిలిస్తే ఎర్రబడుతుందని, క్షారం తగిలిస్తే పచ్చబడుతుందని వివరించాడు. రంగు మారడం ఆయన కనిపెట్టిన వింతేమీ కాదు, అద్దకంవాళ్లకు అది ముందే తెలుసు. మన పెళ్లిళ్లలో పాదాలకు పెట్టే పారాణి కూడా ఇదే కదా. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి తయారవుతుంది, అంటే క్షారంలో పసుపు సూచిక రంగు మారుస్తుంది. బాయిల్ చేసిన కొత్త పని ఏమిటంటే, ఆ రంగును పదార్థాన్ని వర్గీకరించే సాక్ష్యంగా మార్చడం. అయితే ఈ సాక్షి ఎంతవరకు చెప్పగలడో కూడా గమనించాలి. పసుపు క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది. నిమ్మరసంలోనూ మంచినీళ్లలోనూ అది పసుపుగానే ఉంటుంది. ఫినాఫ్తలీన్‌దీ ఇదే తీరు. అది ఆమ్లంలో ఎంత తెల్లబోయి ఉంటుందో, నీళ్లలోనూ అంతే. కాబట్టి 'ఒక ద్రావణంలో ఫినాఫ్తలీన్ వేస్తే రంగు రాలేదు, అది ఏమిటి?' అని అడిగి 'ఆమ్లం' అన్న జవాబుకు మార్కులు వేస్తే అన్యాయమే. క్షారం కాదని చెప్పవచ్చు. బలహీనమైన క్షార ద్రావణమైతే అంత ఖాయంగా కూడా చెప్పలేం, ఎందుకంటే ఆ గులాబీ రంగు మొదలయ్యేదే పీహెచ్ 8.2 దాటాక.

తటస్థీకరణ రంగులోంచి పుట్టలేదు, బేరంలోంచి పుట్టింది. పద్దెనిమిదో శతాబ్దంలో వెనిగర్ కొనేవాడికి అది ఎంత ఘాటైనదో తెలియాలి. బూడిద క్షారం కొనేవాడికి అందులో అసలు సరుకెంతో తెలియాలి. 1729లో ఫ్రాన్స్‌కు చెందిన క్లాడ్ జోసెఫ్ జోఫ్రువా వెనిగర్‌లో పొటాషియం కార్బొనేట్ పొడిని కొద్దికొద్దిగా వేస్తూ, పొంగు ఆగేదాకా ఎంత పట్టిందో తూచాడు. రంగు లేదు, బ్యూరెట్ లేదు, బుడగ ఆగడమే సంకేతం. 1767లో ఇంగ్లండులో విలియం లూయిస్ పొటాష్ పరీక్షకు లిట్మస్ రంగును జతచేశాడు. అప్పుడే రంగూ తటస్థీకరణా ఒక గొడుగు కిందకి వచ్చాయి. ఇక్కడ అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: ఈ సరుకులో మొత్తం ఆమ్లం ఎంత ఉంది? ఆ ఆమ్లమంటే ఏమిటన్నది మాత్రం ఇంకా తేలలేదు. ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉంటుందని లవోయిజియే నమ్మి, ఆ వాయువుకు ఆమ్లాన్ని పుట్టించేదన్న అర్థంతో పేరు పెట్టాడు. ఉప్పు నుంచి వచ్చే ఆమ్లంలో ఆక్సిజన్ లేనే లేదని 1810లో హంఫ్రీ డేవీ చూపించాడు. ఆ పొరపాటు మన పాత పుస్తకాల్లోని 'ఆమ్లజని' అన్న మాటలో ఇప్పటికీ భద్రంగా ఉంది. 1880ల్లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ అయాన్ల సిద్ధాంతం చెప్పాకే, తటస్థీకరణంటే హైడ్రోజన్ అయాన్, హైడ్రాక్సైడ్ అయాన్ కలిసి నీరవడమని స్పష్టమైంది.

పీహెచ్ పుట్టింది బీరు ఊళ్లో. కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ పెట్టిన ప్రయోగశాలలో రసాయన విభాగాధిపతి ఎస్.పి.ఎల్. సోరెన్‌సన్ ఎంజైముల మీద పనిచేస్తుండగా ఒక చిక్కు ఎదురైంది. ఎంజైము ఎంత చురుగ్గా పనిచేస్తుందన్నది ద్రావణం పులుపును బట్టి మారుతుంది. కానీ ఆ పులుపును బ్యూరెట్‌తో కొలిస్తే లెక్క కుదరదు. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్నీ, 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లాన్నీ సమాన పరిమాణాల్లో తీసుకుంటే, రెండింటినీ తటస్థీకరించడానికి పట్టే కాస్టిక్ సోడా ఒకటే. తూకం చూస్తే ఇద్దరూ సమానులే. అయినా మొదటిదానిలో అణువులన్నీ విడిపోయి హైడ్రోజన్ అయాన్లిస్తే, రెండోదానిలో నూటికి ఒకటీ అరా మాత్రమే విడిపోతాయి. స్వేచ్ఛగా తిరిగే అయాన్లు మొదటిదానిలో డెబ్బై రెట్లకు పైగా ఎక్కువ. ఎంజైముకు పట్టింపు ఆ తిరిగే అయాన్లతోనే కానీ, మూటకట్టి దాచుకున్నవాటితో కాదు. అందుకని 1909 నాటి వ్యాసంలో సోరెన్‌సన్ హైడ్రోజన్ అయాన్ గాఢతనే కొలమానంగా తీసుకుని, పదికి ఘాతంగా వచ్చే ఆ చిన్న సంఖ్యలను సులువుగా రాసేందుకు పీహెచ్ గుర్తు వాడాడు. మొదటి ఆమ్లానికి పీహెచ్ 1, రెండోదానికి దాదాపు 2.9. అదే వ్యాసంలో ఆయన చాలా రంగు సూచికలను కూడా పరీక్షించి, ఏది ఎక్కడ రంగు మారుస్తుందో చూశాడు. సూచికలకు అంకెల్లో చిరునామా దొరికింది అలాగే: మిథైల్ ఆరెంజ్ 3.1 నుంచి 4.4 దాకా, లిట్మస్ ఇంచుమించు 5 నుంచి 8 దాకా. వీటిలో ఏ ఒక్కటీ సరిగ్గా ఏడు దగ్గర గంట కొట్టేది కాదు.

దీని పర్యవసానం జోఫ్రువా తూచిన వెనిగర్ మీదే చూద్దాం. బజారులో దొరికే ఐదు శాతం వెనిగర్‌ను ఎనిమిది రెట్లు పలచన చేస్తే దాదాపు 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం వస్తుంది. అందులో 25 మి.లీ. పిపెట్‌తో కోనికల్ ఫ్లాస్కులోకి తీసి, బ్యూరెట్ నుంచి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ వదులుదాం. తటస్థీకరణ పూర్తయ్యేది 25 మి.లీ. దగ్గర. సూచికగా మిథైల్ ఆరెంజ్ వేసి ఉంటే, ఎరుపు పోయి పూర్తిగా పసుపుపచ్చ తిరిగేసరికి బ్యూరెట్‌లో దిగింది దాదాపు 7.6 మి.లీ. మాత్రమే. రంగు మారింది కదా అని ఆపేస్తే ఆమ్లంలో మూడింట రెండొంతులకు పైగా అలాగే మిగిలింది. లిట్మస్ వేస్తే ఇంకో రకం ఇబ్బంది. దాదాపు 16 మి.లీ. దగ్గరే ఎరుపు ఊదాలోకి జారడం మొదలై, చివరిదాకా జారుతూనే ఉంటుంది. ఏ చుక్క దగ్గర కుళాయి కట్టాలో తెలియదు. ఫినాఫ్తలీన్ వేస్తే మాత్రం 25 మి.లీ. దగ్గర ఒక్క చుక్కతో గులాబీ వస్తుంది. ఆ పూర్తయిన క్షణంలో పీహెచ్ ఎంత? ఏడు కాదు, సుమారు 8.7. ఫ్లాస్కులో అప్పుడు మిగిలింది సోడియం ఎసిటేట్. ఎసిటేట్ అయాన్ నీటి నుంచి కొన్ని హైడ్రోజన్ అయాన్లను లాక్కుంటుంది, దానితో హైడ్రాక్సైడ్‌ది పైచేయి అవుతుంది. అంటే తటస్థీకరణ పూర్తయినా ద్రావణం తటస్థం కాలేదు. పీహెచ్ ఏడు దగ్గరే ఆగుదామని పట్టుబడితే, ఇంకా కొంచెం ఆమ్లం మిగిలి ఉండగానే ఆగాలి.

దీనికొక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఆ మిగిలేది మూడు చుక్కలే అయితే ఇంత రాద్ధాంతం ఎందుకని. ఏడుకూ 8.7కూ మధ్య పట్టే సోడా నిజంగా మూడు చుక్కలే. పీహెచ్ మీటరు పెట్టుకుని ఏడు దగ్గర ఆగినవాడి తూకంలో పెద్ద పొరపాటు రాదు. కానీ క్విజ్ పిల్లవాడి చేతిలో మీటరు లేదు, రంగుల పట్టిక ఉంది. మిథైల్ ఆరెంజ్ తెచ్చే పొరపాటు చుక్కల్లో కాదు, పదిహేడు మిల్లీలీటర్లలో ఉంది. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: పదో తరగతికి ఇదంతా ఎక్కువ, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్టిక్ సోడాతో చెప్పినంతలో సరిపోతుంది కదా అని. ఆ జంటతో నిజంగానే సరిపోతుంది, కారణం కూడా చూడదగ్గది. అవే 25 మి.లీ., అదే 0.1 మోలార్ తీసుకుంటే, పూర్తవడానికి ఒక్క చుక్క ముందు పీహెచ్ 4, పూర్తయ్యాక 7, ఇంకో చుక్క పడితే 10. ఆ రెండు చుక్కల దూకుడులో మిథైల్ ఆరెంజ్, లిట్మస్, ఫినాఫ్తలీన్ మూడింటి హద్దులూ దాదాపుగా దాటిపోతాయి. కనుక ఏ సూచికైనా ఒకే మాట చెబుతుంది. రంగు, తటస్థీకరణ, ఏడు అనే మూడూ ఒక్కటేనన్న భ్రమ పుట్టేది ఈ జంట దగ్గరే. తప్పు ఉదాహరణది కాదు, దాన్ని సూత్రం చేసినవాళ్లది. బలమైన క్షారం, బలహీన ఆమ్లం కలిసి ఇచ్చే లవణాల ద్రావణాల పీహెచ్ ఏడు కంటే ఎక్కువని పదో తరగతి పాఠంలోనే ఉంటుంది. ఆ పేజీ చదివినవాడికి 'తటస్థీకరణ తర్వాత పీహెచ్ ఎప్పుడూ ఏడే, అవునా కాదా?' అన్న ప్రశ్న కొత్తేమీ కాకూడదు.

ఏడుకు కూడా ఒక షరతుంది. అది 25 డిగ్రీల సెల్సియస్ దగ్గరి నీటి లెక్క. వేడి పెరిగేకొద్దీ నీరు ఎక్కువ విడిపోతుంది, రెండు రకాల అయాన్లూ సమానంగా పెరుగుతాయి. మరుగుతున్న స్వచ్ఛమైన నీటి పీహెచ్ సుమారు 6.1. అయినా అది ఆమ్లం కాదు, రెండు వైపులా బరువు సమానమే. తటస్థమంటే ఏడు అనడం కంటే హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు సమానంగా ఉండటం అనడమే సరైన నిర్వచనం. 'తటస్థ ద్రావణం పీహెచ్ ఎంత?' అని అడిగేవారు ప్రశ్నలో '25 డిగ్రీల దగ్గర' అన్న రెండు మాటలు చేరిస్తే చాలు, జవాబు నిర్దోషి అవుతుంది.

ఇక ఆ వెనిగర్ ఫ్లాస్కును కాసేపు మూత లేకుండా వదిలేసి చూడండి. చివరి చుక్కకు వచ్చిన లేత గులాబీ కలిపి ఉంచితే అర నిమిషం నిలుస్తుంది, ప్రయోగం ముగిసిందనడానికి గుర్తు అదే. తర్వాత మెల్లగా వెలిసిపోయి ద్రావణం మళ్లీ రంగులేనిదవుతుంది. ఎవరూ ఆమ్లం పోయలేదు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి, మిగులు హైడ్రాక్సైడ్‌ను మింగేసింది. అప్పుడు రంగు పోయిందని ఇంకో చుక్క సోడా వదిలేవాడు వెనిగర్‌లో లేని ఆమ్లాన్ని లెక్కలో రాసుకుంటాడు.